'ఎంతండీ?' అని మళ్లీ మళ్లీ అడగకుండా పిన్ కామెంట్ ఎలా రాయాలి?

మా పిన్ని తెనాలిలో ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్ముతుంది. పోయిన వేసవిలో తన ఫేస్‌బుక్ పేజీలో జాడీ ఫొటో పెట్టగానే కింద 'ఎంతండీ', 'హైదరాబాద్ పంపుతారా', 'గోంగూర ఉందా' అని వరసగా కామెంట్లు. 'ఇన్‌బాక్స్‌లో చెప్పాం చూడండి' అని మేం జవాబిచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ పలకలేదు. ధర అడిగినవాళ్లకు అక్కడికక్కడే చెప్పకపోతే పక్క పేజీకి వెళ్లిపోతారు. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక కామెంట్ రాసి పైన పిన్ చేశాం. అది ఎలా రాశామో చెబుతాను.

మొదట పాత పోస్టుల కింద కామెంట్లన్నీ చదవండి. జనం అడిగిన మాటల్నే కాగితం మీద గీతలు పెట్టి లెక్కించండి. మనం ముఖ్యమనుకున్నవీ వాళ్లు అడిగేవీ ఒకటి కావు. పిన్నికి నూనె ఏ గానుగదో చెప్పాలని ఉండేది, అది అడిగినవాళ్లు ఇద్దరే. ఎక్కువగా అడిగింది ధర, ఆ తర్వాత డెలివరీ. కామెంట్‌లో కూడా అదే వరస ఉండాలి. ఫోన్లో మొదటి రెండు మూడు లైన్లే కనిపించి మిగతాది మడిచిపెట్టి ఉంటుంది. కాబట్టి 'నమస్కారం, మా పేజీకి స్వాగతం' అని మొదలుపెడితే ధర కనబడకుండా పోతుంది.

ఎక్కువ తిప్పలు వచ్చేది ధర దగ్గరే. '650 ప్లస్ షిప్పింగ్' అని రాస్తే షిప్పింగ్ ఎంత అని ఇంకో ప్రశ్న పుడుతుంది. చేతికి అందేసరికి ఎంతవుతుందో ఆ మొత్తమే రాయండి. అది తేలాలంటే ఒక పార్సిల్ పూర్తిగా కట్టి తూకం వేయాలి. కిలో పచ్చడికి డబ్బా, బబుల్ ర్యాప్, అట్టపెట్టె కలిస్తే కిలో దాటుతుంది. చాలా కొరియర్లు బరువును అరకిలో మెట్ల లెక్కన చూస్తాయి కాబట్టి కిలోంబావు పార్సిల్‌కి కిలోన్నర ఛార్జీ పడుతుంది. పిన్ని మొదట్లో కిలో ఛార్జీ లెక్కేసుకుని ప్రతి డబ్బా మీదా చేతినుంచి పెట్టుకుంది.

డెలివరీ లైన్లో రెండు సంగతులు వేరువేరుగా చెప్పాలి: మనం ఏ రోజుల్లో పంపుతాం, పంపాక ఎన్ని రోజులు పడుతుంది. 'మూడు రోజుల్లో వస్తుంది' అంటే కొనేవాళ్లు డబ్బు వేసిన గంట నుంచి లెక్కపెట్టుకుంటారు. శుక్రవారం ఆర్డర్ సోమవారం బయల్దేరితే గొడవే. పంపని చోట్లు కూడా సూటిగా రాయండి. మన పచ్చళ్ల పోస్టు కింద అమెరికా నుంచి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

సరుకు ఉందా లేదా అన్న లైన్‌కి తేదీ తప్పనిసరి. తేదీ లేని 'స్టాక్ ఉంది' వారం తర్వాత అబద్ధమైపోతుంది. అయిపోయినదాన్ని తీసేయకుండా 'అయిపోయింది' అనే రాస్తే ఆ ప్రశ్న రాదు. మేం పిన్ చేసింది ఇది:

ఆవకాయ, డెలివరీతో కలిపి:
ఏపీ, తెలంగాణ: అరకిలో ₹410, కిలో ₹740
మిగతా రాష్ట్రాలు: అరకిలో ₹450, కిలో ₹810
సోమ, గురువారాల్లో పంపుతాం. పంపాక 2–5 రోజులు. విదేశాలకు పంపడం లేదు. క్యాష్ ఆన్ డెలివరీ లేదు.
మే 6 నాటికి: ఆవకాయ ఉంది. మాగాయ ముక్కలు ఎండుతున్నాయి, 20 తర్వాత. గోంగూర అయిపోయింది.
ఆర్డర్‌కి: ఏది, ఎంత, పిన్‌కోడ్ మెసేజ్ చేయండి. అడ్రస్, ఫోన్ నంబర్ కామెంట్లో రాయకండి.

పేజీ పేరుతోనే కామెంట్ పెట్టి, దాని పక్కన మూడు చుక్కలు నొక్కితేనో, కామెంట్‌ను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటేనో Pin కనిపిస్తుంది. తర్వాత ఇంట్లో ఇంకొకరి ఫోన్లో ఆ పోస్టు తెరిచి, మడత విప్పకముందు ధర కనబడుతోందో లేదో చూడండి. మా మొదటి ప్రయత్నంలో ధర మూడో లైన్లో పడి సగమే కనిపించింది. పోస్టర్ మీద వేరే ధర ఉంటే ముందు దాన్ని మార్చండి. జనం బొమ్మనే వాట్సాప్‌లో పంపుకుంటారు, దానితో కామెంట్ వెళ్లదు.

ఇంత చేసినా 'ఎంతండీ' అని కొందరు అడుగుతూనే ఉంటారు. వాళ్లను 'పైన చూడండి' అని పంపేయకండి. 'అరకిలో 410 అండీ, డెలివరీతో కలిపి. మిగతా వివరాలు పైన ఉన్నాయి' అంటే చాలు. కొత్త ప్రశ్న ఏదైనా మూడుసార్లు వచ్చిందంటే పిన్ కామెంట్లో ఒక లైన్ తక్కువైనట్టు. మాకు అలా వచ్చింది 'వెల్లుల్లి వేస్తారా' అన్నది. ఆ రాత్రే 'వెల్లుల్లి లేనిది కూడా ఉంది' అని చేర్చి, దిద్దాక పిన్ ఊడలేదు కదా అని ఇంకోసారి చూసుకున్నాం. గోంగూర మళ్లీ పెట్టిన రోజున పిన్ని కొత్త ఫొటో కంటే ముందు ఆ తేదీ లైన్ మార్చింది.