యూనిఫాం మరకలు – 3వ పాఠం: ఒకే మోకాలి మీద గడ్డి, ఎర్రమట్టి

పోయిన పాఠంలో సిరా మరకలు చూశాం. ఈసారి శనివారం తెల్ల ప్యాంటు. కబడ్డీ ఆడి వచ్చిన పిల్లాడి మోకాలి దగ్గర ఎర్రమట్టి అట్టకట్టి ఉంటుంది, దాని పక్కనే పచ్చటి గడ్డి గీత. ఈ రెండూ వేరువేరు మరకలు. ఎంజైమ్ డిటర్జెంట్ గడ్డి మీదే పనిచేస్తుంది. మట్టిలో ఉన్నది బంకమన్ను, ఇనుప ఆక్సైడ్; వాటిని ఏ ఎంజైమూ కరిగించలేదు. అందుకే ముందు మట్టి సంగతి చూడాలి.

ప్యాంటు విప్పగానే నీళ్లలో వేయకండి. తడి మట్టిని రుద్దితే సన్నటి రేణువులు నేత లోపలికి దిగిపోతాయి. నీడలో పూర్తిగా ఆరనిచ్చి దులపండి, మిగిలినదాన్ని పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రాల్చండి. తర్వాత గుడ్డను తిరగేసి, మరక వెనక వైపు నుంచి కుళాయి చన్నీళ్లు ధారగా పోయండి. కిందికి పోయే నీళ్లలో ఎరుపు తగ్గేదాకా ఆపకండి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఇక గడ్డి. ఆకుపచ్చ రంగు ప్రోటీన్లతో కలిసి దారాన్ని పట్టుకుని ఉంటుంది. డిటర్జెంట్‌లోని ప్రోటీయేజ్ అనే ఎంజైమ్ ఆ ప్రోటీన్లను ముక్కలు చేస్తే రంగు పట్టు సడలుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక 'ఎంజైమ్' అన్న మాట ఉందో లేదో చూడండి, అన్నిటిలోనూ ఉండదు.

అయిదు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల పొడి బాగా కరిగించండి. పసిపిల్లకు స్నానం పోసేంత వేడి చాలు. మరిగే నీళ్లు పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, మరకలోని ప్రోటీన్ కూడా గడ్డకట్టి ఇంకా గట్టిగా అంటుకుంటుంది. కొంచెం పొడిని తడిపి ముద్దచేసి పచ్చగీత మీద పూసి, పది నిమిషాలయ్యాక ప్యాంటును పూర్తిగా ముంచండి. కొత్త మరకకు గంట చాలు, పాతదైతే రాత్రంతా నాననివ్వండి. బకెట్‌లో బ్లీచ్ కలపొద్దు, అది ఎంజైమ్‌ను పాడుచేస్తుంది. ఉన్ని స్వెట్టర్‌ను ఇందులో అసలు నానబెట్టొద్దు. ఉన్ని కూడా ప్రోటీనే కాబట్టి అది దెబ్బతింటుంది.

నానాక గుడ్డను గుడ్డతోనే రుద్ది, మామూలుగా ఉతికి జాడించండి. తడిగా ఉండగానే వెలుతురుకు పట్టి చూడండి. పచ్చదనం మిగిలితే మళ్లీ గంట నానబెట్టండి. ఇస్త్రీ మాత్రం చేయకండి. ఆ వేడికి మిగిలిన మరక స్థిరపడిపోతుంది, నేను ఒక చొక్కా అలాగే పోగొట్టుకున్నాను.

పచ్చ పోయి, లేత నారింజ ఛాయ మిగిలిందా? అది ఇనుము రంగు, క్లోరిన్ బ్లీచ్‌కు పోదు. తెల్ల గుడ్డయితే నిమ్మరసం, ఉప్పు పట్టించి పావుగంటయ్యాక బాగా జాడించండి, చాలావరకు పలచబడుతుంది. రంగు గుడ్డల మీద ఇది వద్దు, రంగు వెలిసిపోవచ్చు.

వచ్చే పాఠంలో కాలర్ జిడ్డు.