నడుస్తున్న షాపును అమ్మాలంటే: ధర లెక్క, కాగితాలు, ITC-02 దరఖాస్తు

సొంత పేరు మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని లాభాల్లో నడుపుతున్న చిన్న వ్యాపారాన్ని మొత్తంగా వేరొకరికి అప్పగించాలనుకునేవారి కోసం ఇది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే షేర్లు చేతులు మారతాయి, ఆ దారి వేరు.

అమ్మకం అనగానే చాలామంది ముందు పోర్టల్‌లో జీఎస్టీ నంబరు రద్దుకు పెట్టేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది. రద్దు చివర్లో చేయాల్సిన పని. ముందు ధర తేలాలి, ఆ ధరను నిలబెట్టే కాగితాలు సిద్ధం కావాలి, షాపు జీఎస్టీ ఖాతాలో మిగిలిన ట్యాక్స్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోనిది, ITC-02 దరఖాస్తుతో కొన్నవాళ్ల ఖాతాకు చేరాలి. ఆ తర్వాతే రద్దు.

హనుమకొండలో ఒక టూవీలర్ స్పేర్ పార్ట్స్ షాపు ఉందనుకుందాం. యజమానికి అరవై దగ్గర పడుతున్నాయి, కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, షాపు చూసుకునేవాళ్లు లేరు. నెలకు 12 లక్షల చొప్పున ఏడాదికి కోటీ 44 లక్షల అమ్మకాలు. పుస్తకాల ప్రకారం లాభం 17 లక్షలు. "ఏడాదికి పదిహేడు వస్తోంది, ఎంత లేదన్నా యాభై పలుకుతుంది" అన్నది ఆయన లెక్క.

లాభాన్ని ముందు సరిచేయాలి

ఆ 17 లక్షలు ఆయన చేతికి వచ్చే లాభం. కొన్నవాళ్ల చేతికి అంతే రాదు. షాపు గది ఆయన సొంతం కాబట్టి పుస్తకాల్లో అద్దె లేదు. కొన్నవాళ్లు మాత్రం నెలకు 28 వేలు కట్టాలి, అంటే ఏడాదికి 3.36 లక్షలు. ఆయన పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కౌంటర్లో కూర్చుంటారు, జీతం రాసుకోరు. ఆ కుర్చీలో నమ్మకమైన మనిషిని పెట్టాలంటే నెలకు 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. బిల్లింగు, బ్యాంకు పని ఆయన భార్య చూస్తారు. దానికి నెలకు 12 వేల లెక్కన 1.44 లక్షలు. ఇవన్నీ లాభంలోంచి తీసేయాలి.

ఇటువైపు కలపాల్సినవీ ఉన్నాయి. ఇంటి కారు పెట్రోలు, రిపేర్లు షాపు ఖర్చులో రాశారు, 1.2 లక్షలు. ఆ ఏడాది ఒక్కసారే కొత్త ర్యాకులు చేయించి, రంగులు వేయించారు, లక్ష రూపాయలు. కూడికలు, తీసివేతలు అయ్యాక మిగిలింది 11.4 లక్షలు. షాపు తన కాళ్ల మీద తాను సంపాదిస్తున్నది అంతే.

దీన్ని ఎన్నేళ్లతో గుణించాలి? యజమాని ముఖం మీద నడిచే షాపుకు నేను రెండు నుంచి మూడేళ్ల లాభం కంటే ఎక్కువ చెప్పను. ఇరవై మంది మెకానిక్కులు ఆయన్ను చూసి వస్తున్నారు, ఆయన వెళ్లిపోతే సగం మంది పక్క షాపుకు పోవచ్చు. ఆ భయం ఎంత తక్కువగా ఉంటే గుణకం అంత పెరుగుతుంది. ఇక్కడ రెండున్నర తీసుకుంటే ధర 28.5 లక్షలు. రోజూ నడవడానికి కావలసిన స్టాకు, ర్యాకులు, కంప్యూటరు కూడా ఇందులోకే వస్తాయి. స్టాకు డబ్బు విడిగా మళ్లీ అడిగితే ఒకే వస్తువుకు రెండుసార్లు ధర కట్టినట్టే.

ఇప్పుడు ఈ అంకెను కింది నుంచి కూడా చూడాలి. పుస్తకాల్లో స్టాకు 22 లక్షలు. ట్యాలీలో ప్రతి ఐటమ్ చివరిసారి ఎప్పుడు అమ్ముడైందో తీసి చూస్తే, పద్దెనిమిది నెలలుగా కదలని సరుకు 6 లక్షలు తేలింది. అందులో పెద్ద వాటా కార్బురేటర్ కిట్లది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండ్లకు కార్బురేటర్ సామాను అవసరమే, కానీ మూడు అట్టపెట్టెల నిండా ఉన్న సరుకు అమ్ముడయ్యేంత అవసరం లేదు. కదిలే స్టాకు 16 లక్షలు, ర్యాకులూ కంప్యూటరూ ఒకటిన్నర, మొత్తం పదిహేడున్నర. అంటే 28.5 లక్షల్లో గుడ్‌విల్, షాపు పేరుకూ అలవాటైన గిరాకీకీ కట్టే ధర, 11 లక్షలు. సుమారుగా ఒక ఏడాది లాభం. ఇలాంటి షాపుకు అది సబబే. గుడ్‌విల్ మూడేళ్ల లాభానికి సమానంగా తేలి ఉంటే, లెక్కలో ఎక్కడో పొరపాటు పడిందని వెనక్కి వెళ్లి చూడాలి.

రిటర్నుల్లో ఏముందో అదే ధర

అసలు చిక్కు ఇక్కడుంది. మన షాపు యజమాని ఇన్నాళ్లూ ఆదాయపు పన్ను రిటర్నులో అంచనా పద్ధతిలో, అమ్మకాల మీద 8 శాతం లాభం చూపించి ఊరుకున్నారు. అంటే 11.52 లక్షలు. కొన్నవాళ్లకు అప్పిచ్చే బ్యాంకు చేతి పుస్తకాన్ని నమ్మదు, రిటర్ను నుంచే మొదలుపెడుతుంది. అందులోంచి అద్దె, జీతాలు కలిపి 7.8 లక్షలు తీసేస్తే మిగిలేది 3.72 లక్షలు. కారు, ర్యాకుల ఖర్చు కలపడానికి ఆ రిటర్నులో ఖర్చుల వివరాలే ఉండవు. రెండున్నరతో గుణిస్తే 9.3 లక్షలు, ఆయన స్టాకు విలువ కూడా రాదు. పన్నులో మిగుల్చుకున్నది ఇలా ధరలో పోతుంది. అందుకే అమ్మాలనే ఆలోచన రాగానే, కనీసం రెండేళ్ల ముందు నుంచి పూర్తి పుస్తకాలు రాయించి నిజమైన లాభంతో రిటర్నులు వేయాలి.

కొన్నవాళ్ల ఆడిటర్ మొదట మూడు అంకెలు పక్కపక్కన పెడతాడు: ఏడాది పొడవునా వేసిన GSTR-3B జీఎస్టీ రిటర్నుల్లోని అమ్మకాల మొత్తం, ఐటీ రిటర్నులోని అమ్మకాలు, బ్యాంకులో పడిన డబ్బు. తేడా ఉంటే కారణం ముందే ఒక కాగితం మీద రాసి పెట్టాలి. ఉదాహరణకు, యజమాని బీరువాలోని సొంత డబ్బు కరెంటు ఖాతాలో వేసి ఉంటే, అది అమ్మకం కాదని ఆ తేదీ పక్కనే చూపించాలి. అడిగాక చెప్పే సమాధానానికి విలువ తక్కువ.

కాగితాలను రెండు కట్టలుగా చేయండి. మొదటిది ఎవరికైనా చూపించగలిగేది: మూడేళ్ల ఐటీ రిటర్నులు, లాభనష్టాల ఖాతాలు, GSTR-1, GSTR-3B, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, షాప్స్ రిజిస్ట్రేషన్, స్టాకు మీద బ్యాంకు అప్పు ఉంటే తాజా బాకీ వివరం, గదికి ఇవ్వబోయే అద్దె ఒప్పందం ముసాయిదా. రెండోది అడ్వాన్సు చేతిలో పడ్డాకే తెరవాలి: ఏ మెకానిక్ నెలకు ఎంత కొంటాడు, ఏ డిస్ట్రిబ్యూటర్ ఎంత తగ్గింపు ఇస్తాడు. బేరానికి వచ్చేవాళ్లలో పక్క వీధి షాపువాడి మనిషి ఉండొచ్చు. మొదటి విడతలో మెకానిక్కుల పేర్ల బదులు మె-1, మె-2 అని రాసి ఇస్తే చాలు.

ఒప్పందంలో తప్పనిసరి వాక్యం

క్రెడిట్ బదిలీ కావాలంటే, అమ్మకం ఒప్పందంలో బాధ్యతలు కూడా బదిలీ అవుతున్నట్టు స్పష్టంగా రాసి ఉండాలి. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 18(3) అడిగేది అదే. ఎక్కడో దొరికిన నమూనా చూసి "పాత అప్పులన్నీ అమ్మినవారివే" అని రాసేస్తారు. అలాంటి ఒప్పందం పట్టుకుని వెళితే బాధ్యతలు బదిలీ అయ్యాయని సీఏ సర్టిఫికెట్ ఇవ్వలేడు, ITC-02 దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మన ఉదాహరణలో డిస్ట్రిబ్యూటర్లకు బాకీ 3 లక్షలు ఉంది. దాన్ని కొన్నవాళ్ల మీదికి రాసి, ధరలో అంత తగ్గించడం శుభ్రమైన పద్ధతి.

ఎలాగూ సెక్షన్ 85 ప్రకారం బదిలీ తేదీ వరకు ఉన్న జీఎస్టీ బాకీకి ఇద్దరూ బాధ్యులే, తర్వాత ఎప్పుడో తేలినా సరే. అందుకే కొన్నవాళ్లు ధరలో కొంత ఏడాది పాటు ఆపి ఉంచుతామంటే అమ్మేవాళ్లు అవమానంగా తీసుకోకూడదు. వ్యాపారాన్ని నడుస్తున్న స్థితిలో మొత్తంగా బదిలీ చేస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ ఉండదు. స్టాకు ఒకరికి, ర్యాకులు ఒకరికి విడివిడిగా అమ్మితే ఆ మినహాయింపు వర్తించదు. "మళ్లీ ఇదే వ్యాపారం పెట్టను" అనే షరతు రాస్తే ఫలానా ప్రాంతం అని హద్దు చెప్పాలి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 గుడ్‌విల్ అమ్మినవారి విషయంలో అంతవరకే ఒప్పుకుంటుంది.

పోర్టల్‌లో వరుస

మొదట కొన్నవాళ్లు అదే రాష్ట్రంలో జీఎస్టీ నంబరు తీసుకోవాలి. షాపు చిరునామా అప్పటికే అమ్మేవాళ్ల నంబరు కింద ఉంటుంది కాబట్టి, కొత్త అద్దె ఒప్పందంతో పాటు వ్యాపార బదిలీ ఒప్పందాన్నీ జతచేయాలి. లేకపోతే అధికారి నుంచి ప్రశ్న వస్తుంది.

తర్వాత అమ్మేవాళ్ల పని. బకాయి రిటర్నులన్నీ వేసి gst.gov.in లో లాగిన్ అయి Services > Returns > ITC Forms లోకి వెళ్లాలి. అక్కడ ITC-02 తెరిచి కొన్నవాళ్ల జీఎస్టీ నంబరు, బదిలీ చేస్తున్న క్రెడిట్, సర్టిఫికెట్ ఇచ్చిన సీఏ లేదా కాస్ట్ అకౌంటెంట్ పేరు, సభ్యత్వ సంఖ్య, తేదీ నింపి, సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. డిజిటల్ సంతకంతో గానీ ఓటీపీతో గానీ ఫైల్ చేయొచ్చు. ఫైల్ చేయగానే పని అయిపోదు. కొన్నవాళ్లు తమ లాగిన్‌లో దాన్ని అంగీకరించాకే వాళ్ల క్రెడిట్ లెడ్జర్లో డబ్బు కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చేయించడం మంచిది. అంగీకరించడం మరిచి నెలలు గడిపేసినవాళ్లను చూశాను.

మన షాపు లెడ్జర్లో 1.86 లక్షల క్రెడిట్ ఉంది. 2025 సెప్టెంబర్ 22న ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 28 కట్టి కొన్న సరుకు 18కి అమ్ముతుంటే తేడా లెడ్జర్లో పేరుకుంది. ధరలో 3 లక్షల బాకీ తీసేసి, ఈ 1.86 కలిపితే కొన్నవాళ్లు ఇవ్వాల్సింది 27.36 లక్షలు.

అదే ఆయన తొందరపడి, స్టాకు చేతిలో ఉండగానే రద్దు చేయించుకుంటే? మిగిలిన స్టాకు మీద తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాలి. 22 లక్షల మీద 18 శాతం లెక్కేసినా 3.96 లక్షలు. లెడ్జర్లోని 1.86 అందులోకే పోయి, పైన జేబులోంచి 2.1 లక్షలు కట్టాలి.

ITC-02 అంగీకారం అయ్యాక, బదిలీ జరిగిన 30 రోజుల్లోగా Services > Registration లో రద్దు దరఖాస్తు REG-16 పెట్టాలి. కారణంగా వ్యాపార బదిలీని ఎంచుకుంటే కొన్నవాళ్ల నంబరు అడుగుతుంది. ఆ తర్వాత, రద్దు తేదీ, ఉత్తర్వు తేదీల్లో ఏది ఆలస్యమైతే దాని నుంచి మూడు నెలల్లోగా GSTR-10 వేయాలి. స్టాకు అప్పటికే చేతులు మారింది కాబట్టి అందులో నిల్వ సున్నా చూపిస్తారు. ఈ చివరి రిటర్ను ఎగ్గొడితే తర్వాత నోటీసు ఇంటికి వస్తుంది, షాపు బోర్డు మీద మాత్రం అప్పటికి వేరే పేరుంటుంది.