శ్రావణానికి హాఫ్ వైట్ చీర మీద ముదురు దారంతో కుడుతున్నారా? సూది పెట్టే ముందే వెనక వైపు గురించి ఈ జాగ్రత్తలు

శ్రావణం దగ్గరకొస్తోందంటే మన విజయవాడ, గుంటూరు వైపు చాలామంది ప్లెయిన్ మంగళగిరి కాటన్ చీర తెచ్చుకుని చేత్తో బుటీలు కుట్టడం మొదలెడతారు, అందులోనూ హాఫ్ వైట్ బాడీకి మెరూన్ దారం అంటే ఇష్టపడనివాళ్ళు తక్కువ. చూడ్డానికి చాలా బాగుంటుంది కానీ ఎంబ్రాయిడరీలో అన్నిటికన్నా రిస్క్ ఉన్న కాంబినేషన్ కూడా ఇదే. బట్ట పల్చన, రంగు లేత, దారం ముదురు, కాబట్టి వెనకాల మీరు ఏం చేసినా ముందుకి కనపడుద్ది. ముడి వేస్తే చుక్కలా, దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి లాక్కెళ్తే బూడిదరంగు గీతలా. పైగా చీర కదా, పమిట వెనక వైపు కూడా జనానికి కనపడేదే.

పట్టు జాకెట్టు మీద కుట్టి అలవాటైనవాళ్ళు ఇక్కడే ఇబ్బంది పడతారు. ముదురు పట్టు బట్ట, మందంగా ఉంటుంది, లోపల లైనింగ్, అక్కడ ఎన్ని ముడులేసినా ఎవరికీ తెలీదు. అదే చేయి హాఫ్ వైట్ కాటన్ మీద పెడితే నడవదు. ఇంకోటి, కుర్తీకి కుట్టేవాళ్ళు తెల్ల లైనింగ్ వేస్తే నీడ పోతుందిలే అనుకుంటారు, పోదండి. లైనింగ్ దారానికి వెనకాల ఉంటుంది కానీ దారానికీ పై బట్టకీ మధ్యలో ఉండదు కదా, దారం వెనక ఇంకా తెల్లగా అయ్యేసరికి గీత ఇంకా స్పష్టంగా తేలుతుంది.

కుట్టే ముందే తెలుసుకోవడానికి చిన్న టెస్ట్ ఉంది. చీర బాడీ కింద తెల్ల కాగితం పెట్టండి, మధ్యలో మీరు కుట్టబోయే దారం రెండు పోగులు అడ్డంగా పడేయండి, బట్టని చేత్తో సాపు చేసి మామూలుగా నిలబడే దూరం నుంచి చూడండి. గీత కనపడిందా, ఇక ఆ చీర మీద దారం ఖాళీ బట్ట వెనక నుంచి ఎక్కడా దాటకూడదు, అర సెంటీమీటరు కూడా. కనపడకపోతే ఒక సెంటీమీటరు లోపు దాటొచ్చు. అంతే లెక్క. పనిలో పనిగా మెరూన్ దారం రంగు దిగుద్దేమో కూడా చూడండి, ఒక ముక్క తడిపి తెల్ల గుడ్డ మధ్యలో పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కితే తెలిసిపోతుంది. రంగు దిగే దారంతో వెనకాల ఎంత నీట్‌గా కుట్టినా మొదటి ఉతుకులోనే పోతుంది, అలాంటిది అసలు వాడొద్దు.

ఇప్పుడు ఒక బుటీ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. ఐదు రేకుల మెరూన్ పువ్వు, రూపాయి బిళ్ళంత, మధ్యలో పసుపు చుక్కలు మూడు, కింద అంగుళం ఆకుపచ్చ కాడ, దానికో ఆకు. బుటీకీ బుటీకీ నాలుగంగుళాల దూరం. ప్రతి బుటీ దానికదే మొదలై దానికదే అయిపోవాలి, పక్క బుటీకి దారం వెళ్ళకూడదు. నలభై బుటీలుంటే ప్రతిసారీ దారం కట్ చేయాలా అని విసుగ్గా ఉంటుంది నిజమే, కానీ ఈ బట్ట మీద వేరే దారి లేదు.

మెరూన్ ముందు కుట్టాలి, పసుపు తర్వాత. కారణం ఏంటంటే పసుపు దారం కొసని మెరూన్ కుట్టు వెనకాల దాచొచ్చు, మెరూన్ కొసని పసుపు వెనకాల దాచలేం, పసుపులోంచి నల్లగా కనపడుద్ది. ముదురు కొస ముదురు కుట్టు కిందకే వెళ్ళాలి, ఇది ఒక్కటి గుర్తుంటే సగం నీడలు రావు.

మొదలుపెట్టడానికి ముడి బదులు ఉచ్చు పద్ధతి వాడండి. కట్టలోంచి ఒక మీటరు దారం కట్ చేసుకుంటే అందులో ఆరు పోగులుంటాయి, వాటిలోంచి ఒకే ఒక్క పోగు నిదానంగా పైకి లాగి తీయండి. దాన్ని సగానికి మడిస్తే రెండు పోగులైంది, అర మీటరు పొడవు, కుట్టడానికి సరిగ్గా చాలు, ఇంతకన్నా పొడుగైతే బట్టలోంచి పదేపదే వెళ్ళి నూగు లేస్తుంది, ముదురు నూగు లేత బట్ట మీద మసిలా కనపడుద్ది. రెండు కొసలూ కలిపి సూదిలో ఎక్కించండి, అప్పుడు మడిచిన ఉచ్చు కిందకి ఉంటుంది. సూదిని వెనక నుంచి పైకి తెచ్చి మొత్తం లాగేయకుండా ఉచ్చు వెనకాలే ఉండేలా ఆపండి, మొదటి కుట్టు వేసి సూది కిందకి దిగాక ఆ ఉచ్చులోంచి దూర్చి మెల్లగా లాగండి. బట్టకి అంటుకుని బిగుసుకుంటుంది, ముడీ ఉండదు కొసా ఉండదు. గట్టిగా లాగితే మాత్రం ఆ చోట బట్ట ముడుచుకుని చిన్న గుంట పడుద్ది, మంగళగిరి కాటన్ గంజి పోయాక మెత్తగా ఉంటుంది కాబట్టి చూసుకుని లాగాలి.

ఈ ఉచ్చు పద్ధతి రెండు, నాలుగు లాంటి సరి సంఖ్య పోగులకే పనికొస్తుంది. మూడు పోగులతో కుట్టాలన్నా, ఒకే దారంలో రంగులు మారే షేడెడ్ దారమైనా కుదరదు, మడిస్తే రంగులు తారుమారవుతాయి. అప్పుడు రేకు గీత లోపల, తర్వాత సాటిన్ కుట్టు కప్పేసే చోట, సూదిని పై నుంచి గుచ్చి కొస పైనే వదిలి, పక్కపక్కనే రెండు మూడు బుల్లి కుట్లు వేయండి, ఒక్కోటి మిల్లీమీటరు పైన ఉంటే చాలు, చివరిది ముందు వేసినదాని దారంలో గుచ్చుకునేలా వేస్తే ఊడదు. ఆ పైకి ఉన్న కొసని బట్టకి దగ్గరగా కత్తిరించి దాని మీద నుంచి రేకు నింపేయడమే. జారిపోయే పట్టు దారానికీ, మెరిసే రేయాన్ దారానికీ కూడా ఇదే మంచిది, అవి ఊరికే కుట్ల కింద దూర్చితే ఉతికినప్పుడు బయటికి వచ్చేస్తాయి.

ఇక రేకుల మధ్య ప్రయాణం, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. రేకుని మొదలు నుంచి కొన దాకా సాటిన్‌తో నింపారు, సూది కొన దగ్గరుంది, పక్క రేకు కొన దగ్గరే కదా అని అటు దూకితే రెండు రేకుల మధ్య ఖాళీ బట్ట వెనకాల మెరూన్ గీత పడిపోయింది, బయటికి వంతెన కట్టినట్టు కనపడుద్ది. అలా కాకుండా ఫ్రేమ్ తిప్పి, ఆ రేకు వెనకాల ఉన్న కుట్ల కిందుగా సూదిని కొన నుంచి మొదలు దాకా దూర్చి తీసుకురండి, బట్టని గుచ్చకుండా దారాల కిందే వెళ్ళాలి. ఐదు రేకుల మొదళ్ళూ మధ్యలో కలుస్తాయి కాబట్టి అక్కడి నుంచి పక్క రేకుకి ఒకటి రెండు మిల్లీమీటర్లే, దాని మీద పసుపు చుక్కలు వచ్చి కూర్చుంటాయి. ఈ దూర్చడానికి మొన మొండిగా ఉన్న సూది ఉంటే మంచిది, లేదంటే మీ సూదినే వెనక్కి తిప్పి కన్ను వైపు నుంచి దూర్చండి, పోగులు చీలవు.

ముగించేటప్పుడు కూడా అంతే, చివరి రేకు వెనక కుట్ల కింద సెంటీమీటరు దూర్చి, వెనక్కి తిరిగి ఒక కుట్టు వదిలి మళ్ళీ దూర్చండి, ఆ ఒక్క మలుపే దారాన్ని పట్టి ఉంచుతుంది. కొసని దగ్గరగా కత్తిరించాలి, అప్పుడే కత్తిరించాలి, బుటీ మొత్తం అయ్యాక ఒకేసారి చేద్దాంలే అనొద్దు. వేలాడే మెరూన్ కొస ఉండగా పసుపు కుట్టడం మొదలెడితే సూది పైకి వచ్చేటప్పుడు ఆ కొసలోంచి నాలుగు నూగు పోచలు పట్టుకుని పైకి లాక్కొస్తుంది, పసుపు చుక్క చుట్టూ మురికి పట్టినట్టు అవుద్ది, అది ఇక తీయడం కష్టం.

పసుపు చుక్కలు రెండు పోగులే కాబట్టి అవీ ఉచ్చుతోనే మొదలెట్టి, కొసని మెరూన్ రేకు వెనకాల దూర్చేయండి. కాడ కుట్టులో సంగతి వేరు, వెనకాల సాటిన్ లాగా మందం ఉండదు, చిన్నచిన్న కుట్ల వరుసే ఉంటుంది. ఊరికే కిందుగా దూర్చితే పట్టు దొరకదు, అందుకని ఆ వెనక వరుసకి సూదిని ఒకే వైపు నుంచి చుట్టుకుంటూ ఐదారు కుట్లు వెనక్కి రండి, కొస కాడ వెనకాలే ఉండిపోతుంది, అటూ ఇటూ ఒక్క పోచ కూడా కనపడదు. ఆకు మధ్యలో వస్తుంది కదా, కాడ కుడుతూ ఆకు దగ్గరికి రాగానే అప్పుడే ఆకు కుట్టి, ఆకు వెనకాల నుంచే కాడకి తిరిగి రావాలి.

మొదటి బుటీ అవ్వగానే ఫ్రేమ్ తీసి రెండు రకాలుగా చూడండి. తెల్ల కాగితం మీద పరిచి ఒకసారి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని ఒకసారి. కిటికీ దగ్గర ప్రతిదీ కనపడుద్ది, దానికి కంగారు పడొద్దు, అక్కడ మీ దారం ఏ దారిన వెళ్ళిందో తెలుసుకోవడానికి మాత్రమే. కాగితం మీద కనపడేదే అసలు లెక్క, కట్టుకున్నప్పుడు లోపల లేత రంగు లంగా ఉంటుంది కాబట్టి దాదాపు అలాగే ఉంటుంది. మొదటి బుటీలో నీడ ఉంటే దాన్ని సరిచేశాకే రెండోది మొదలెట్టండి.

ఇప్పటికే కుట్టేసి పక్క బుటీకి దూకినవాళ్ళు మొత్తం విప్పక్కర్లేదు. నాలుగంగుళాల దూకుడు అయితే సరిగ్గా మధ్యలో కత్తిరించండి, అటు రెండంగుళాలు ఇటు రెండంగుళాలు కొస దొరుకుతుంది, రెండిటినీ వాటివాటి బుటీల వెనకాల దూర్చేయొచ్చు. కొస సూదికి అందనంత పొట్టిగా ఉంటే ముందు ఖాళీ సూదిని కుట్ల కింద దూర్చి కన్ను బయట ఉండగా అప్పుడు కొసని కన్నులో ఎక్కించి లాగండి, అంగుళం ఉన్నా వెళ్ళిపోద్ది. ముడి ఉన్నచోట ముడిని వెంటనే కోసేయొద్దు, అదే రంగు దారంతో ఆ కుట్టు మొదలు మీద వెనక నుంచి రెండు బుల్లి కుట్లు వేసి పట్టించాక అప్పుడు కోయండి. ఇక అరంగుళం కన్నా తక్కువ దూకుడైతే కత్తిరించినా కొసలు సరిపోవు, ఆ నీడ మీద ముందు వైపు చిన్న ఆకో మొగ్గో కుట్టి కప్పేయడం, లేదా ఆ రేకు ఒక్కటి విప్పి మళ్ళీ కుట్టడం, ఈ రెండే దారులు. నేనైతే విప్పమనే చెప్తాను, నలభై బుటీల్లో ఒక్కదానికే అదనంగా ఆకు ఉంటే చూసేవాళ్ళ కన్ను నేరుగా అక్కడికే పోతుంది.