వానల్లోపు రిటైనింగ్ వాల్ వెనక ఫ్రెంచ్ డ్రెయిన్: 60 అడుగుల గోడకి కంకర, పైపు, క్లాత్ ఎంత పడతాయి, ఎక్కడ జాగ్రత్త పడాలి

నైరుతి జూన్ మొదట్లో వచ్చేస్తుంది, ఈ పని మే నెలలోనే అయిపోవాలి, సగం తవ్వి ఉండగా పెద్ద వాన పడిందంటే అసలు తవ్వకపోయినా బాగుండేది అనిపిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం రోజు తెల్లవారుజామున వానకి కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు పోయారు, గుర్తుండే ఉంటుంది. ఆ గోడ సంగతి పక్కన పెడితే, మన ఇళ్ల దగ్గర కొండవాలు ప్లాట్లలో గోడలు ఒరిగేది ఎక్కువగా మట్టి బరువుకి కాదు, మట్టిలో నిలిచిపోయిన నీటి తోపుడికి. ఆరడుగుల ఎత్తు గోడ వెనక పైదాకా నీళ్లు నిలిస్తే, 60 అడుగుల పొడవు మీద దాదాపు 30 టన్నుల తోపుడు పడుతుంది, అదీ మట్టి తోపుడికి అదనంగా. మామూలు గోడ ఈ లెక్కకి కట్టి ఉండదు కాబట్టి నీళ్లు నిలవకుండా బయటికి పంపడమే దారి. అందుకే ఫ్రెంచ్ డ్రెయిన్, అంటే గోడ వెనక అడుగున కంకరలో చిల్లుల పైపు పెట్టి, మట్టి లోపలికి రాకుండా క్లాత్ వేసి నీళ్లు బయటికి పంపే ఏర్పాటు.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ ఇది: వైజాగ్ లాంటి చోట వాలు ప్లాటు, ఎర్రమట్టి, కాంక్రీటు రిటైనింగ్ వాల్, పొడవు 60 అడుగులు, వెనక మట్టి ఎత్తు 6 అడుగులు. మీ గోడ పొడవు వేరే అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం అదే. కానీ గోడ ఇప్పటికే ముందుకి వాలి ఉన్నా, అడ్డంగా పగులు ఇచ్చి ఉన్నా వెనక గునపం పెట్టొద్దు, ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిచి చూపించండి. ఆరడుగులు దాటిన గోడకి కూడా అంతే.

ముందు కంకర సంగతి, ఎందుకంటే అందరూ తక్కువ తెప్పించేది దీన్నే. చాలామంది మేస్త్రీలు గోడ అడుగున ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గాడి లెక్కేసి 60 × 1.5 × 2 అంటే 180 సీఎఫ్‌టీ, రెండు యూనిట్లు చాలు సార్ అనేస్తారు. అది పైపు చుట్టూ ఉండే కంకర మాత్రమే అండి. దాని పైన మళ్లీ మట్టే నింపేస్తే నీళ్లు ఆ మట్టిలోనే గోడకి ఆనుకుని నిలబడతాయి, కిందికి దిగడానికి రోజులు పడుతుంది, ఈలోపు తోపుడు పడేది గోడ మీదే. అందుకే అడుగు గాడి మీద నుంచి పైకి, గోడని ఆనుకుని ఒక అడుగు మందంలో కంకర తెర లాగా నిలబెట్టాలి, నేల మట్టానికి ఒక అడుగు కింద ఆపెయ్యాలి, ఆ చివరి అడుగులో గట్టిగా దిమ్మిస చేసిన మట్టి వేసి గోడకి దూరంగా వాలు ఇవ్వాలి, లేకపోతే పైన పారే వాన నీళ్లన్నీ నేరుగా డ్రెయిన్‌లోకి దిగిపోతాయి.

ఇప్పుడు లెక్క. పైపుకి వాలు వందకి ఒకటి ఇస్తాం, అంటే 60 అడుగుల్లో సుమారు 7 అంగుళాలు దిగాలి. కాబట్టి గాడి లోతు ఎగువ చివర 2 అడుగులు ఉంటే దిగువ చివర 2 అడుగుల 7 అంగుళాలు అవుతుంది, సగటున 2.3 అడుగులు. 60 × 1.5 × 2.3 = 207 సీఎఫ్‌టీ. ఆరడుగుల్లో అడుగు గాడి 2, పైన మట్టి 1 పోను తెర ఎత్తు 3 అడుగులు, అంటే 60 × 1 × 3 = 180. మొత్తం 387. నాలుగంగుళాల పైపు ఆక్రమించేది సుమారు 6 సీఎఫ్‌టీయే, అది తీసేస్తే 381. కుదించుకుపోయేదీ, చెల్లాచెదురయ్యేదీ కలిపి పది శాతం ఎక్కువ వేస్తే 419. యూనిట్ అంటే 100 సీఎఫ్‌టీ, అంటే నాలుగు యూనిట్లు దాటి కొంచెం. టన్నుల్లో అమ్మేవాళ్లయితే 20 ఎంఎం కంకర సీఎఫ్‌టీకి 42 నుంచి 45 కిలోలు తూగుతుంది, కాబట్టి 18 టన్నులు అనుకోండి. ట్రాక్టర్ మీద తెప్పిస్తే ట్రాలీ లోపలి కొలతలు టేపు పెట్టి చూసుకోండి, ఒక్కో ట్రాలీ ఒక్కో సైజు, పైగా కొందరు ట్రాలీ నిండకుండానే యూనిట్ అంటారు.

కంకర 20 ఎంఎం కడిగినది కావాలి. 40 ఎంఎం కూడా పర్లేదు గానీ పైపు చుట్టూ 20 ఎంఎం బాగుంటుంది. క్రషర్ డస్ట్ కలిసిన లోడు మాత్రం దింపించుకోకండి. ఒక బకెట్‌లో సగం కంకర వేసి నీళ్లు పోసి కలిపి చూడండి, నీళ్లు చిక్కటి బూడిద రంగులోకి తిరిగితే ఆ డస్ట్ అంతా రేపు క్లాత్ మీదా పైపు చిల్లుల్లోనూ చేరుతుంది. ఒక్కటి మర్చిపోకండి, టిప్పర్‌ని గోడ వెనక అంచు దాకా రానివ్వొద్దు, కంకర కుప్ప కూడా దూరంగా పోయించండి. తవ్వి ఉన్న అంచు మీద 18 టన్నులు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అసలు ప్రమాదం తవ్వేటప్పుడే. ఆరడుగుల పైన లోతు, పక్కన వదులు మట్టి, లోపల మనిషి. నిట్టనిలువుగా తవ్వి అందులోకి మనిషిని దింపకండి, 5 అడుగులు దాటిన గాడికి పలకలు పెట్టి ఆపాలి లేదా మట్టి వైపు వాలుగా కోసుకోవాలి. మొత్తం 60 అడుగులు ఒకేసారి తెరవకుండా పదిహేనేసి అడుగులు తవ్వి, పైపు వేసి, నింపి ముందుకి వెళ్లండి. పని దిగువ చివర నుంచి మొదలుపెడితే మధ్యలో వాన వచ్చినా నీళ్లు పోవడానికి దారి ఉంటుంది. తవ్విన మట్టి అంచుకి కనీసం 5 అడుగుల దూరంలో పోయాలి. గాడి అడుగు గోడ పునాది అడుగు కన్నా కిందికి పోకూడదు, ఇది చాలా ముఖ్యం, పోయిందంటే పునాది కింది మట్టి జారుతుంది. దిగువ చివర 7 అంగుళాలు దిగాలి కదా, ఆ చివర పునాది ఎంత లోతు ఉందో ముందే ఒక చోట తవ్వి చూసుకోండి, సరిపోకపోతే ఎగువ చివరే గాడి లోతు తగ్గించుకోవాలి.

వాలుగా కోస్తే ఇంకో తిరకాసు ఉంది. మట్టికీ గోడకీ మధ్య ఖాళీ పైకి వెళ్లేకొద్దీ వెడల్పు అవుతుంది, కూలీలు ఆ ఖాళీ మొత్తం కంకరతో నింపేస్తారు, నాలుగు యూనిట్లు సగం గోడకే అయిపోతాయి. కంకర తక్కువొచ్చిందని గొడవలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. గోడకి ఒక అడుగు దూరంలో ప్లైవుడ్ షీటు నిలబెట్టి, గోడ వైపు కంకర, అవతల మట్టి, ఒక్కో అడుగు ఎత్తు చొప్పున రెండూ కలిపి లేపుతూ షీటు పైకి లాక్కుంటూ పోవాలి. గోడ పక్కన దిమ్మిస చేతిదే వాడండి, రోలర్ తేవద్దు.

పైపు విషయానికొస్తే, చిల్లుల పైపు రెడీమేడ్ దొరికితే సరే, లేకపోతే 110 ఎంఎం పీవీసీ పైపుకి 8 నుంచి 10 ఎంఎం బిట్‌తో రెండు వరసల్లో ఆరంగుళాలకి ఒక చిల్లు వేయించుకోవచ్చు. షాపులో ఇరవై అడుగుల పైపు అంటారు గానీ అది 6 మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు, సాకెట్‌లో నాలుగేసి అంగుళాలు పోతుంది. మూడు పైపులు కలిపితే 58 అడుగుల పైన వస్తుంది, రెండు చివర్లా కాస్త లోపలికే పెడతాం కాబట్టి 60 అడుగుల గోడకి చిల్లులవి మూడు చాలు. నాలుగో పైపు చిల్లులు లేనిది తీసుకోండి, అందులో 12 అడుగులు గోడ దాటి బయటికి నీళ్లు పోయే ముక్క, మిగిలిన దాంట్లో ఆరడుగులు ఎగువ చివర నిలువుగా నేల పైకి తెచ్చి మూత పెట్టే ముక్క. ఆ నిలువు ముక్క డబ్బు దండగ అని తీసేయిస్తారు, తీయనివ్వకండి, రేపు పైపు పూడితే గొట్టం పెట్టి కడగడానికి అదొక్కటే దారి. మలుపు దగ్గర ఒక్క 90 బెండ్ బదులు రెండు 45 బెండ్లు వేస్తే కడిగే గొట్టం సులువుగా తిరుగుతుంది.

చిల్లులు కిందికి ఉండాలి, గడియారంలో 4, 8 అంకెలు ఉన్న చోట. చాలామంది నీళ్లు పై నుంచి పడతాయి కదా అని పైకి పెడతారు, కానీ గాడిలో నీళ్లు అడుగు నుంచి నిండుతూ వస్తాయి, చిల్లులు పైన ఉంటే పైపు మునిగేదాకా నీళ్లు లోపలికి వెళ్లవు. అడుగున రెండంగుళాల కంకర పరిచి, లెవెల్ ట్యూబుతో వాలు చూసి, దాని మీద పైపు పెట్టండి. కంటితో చూసి బానే ఉంది అనేవాళ్ల మాట నమ్మకండి, మధ్యలో ఒక అంగుళం కుంగినా అక్కడ బురద పేరుకుంటుంది.

క్లాత్ నాన్ వోవెన్ జియోటెక్స్‌టైల్, 150 నుంచి 200 జీఎస్ఎం. గ్రీన్ నెట్ వద్దు, దాంట్లోంచి మట్టి వచ్చేస్తుంది. సిమెంటు సంచి లాంటి నేత గుడ్డా వద్దు, నీళ్లు సరిగా దిగవు. షాపులోనే ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి, ఇట్టే దిగిపోవాలి. క్లాత్ పైపుకి చుట్టడం కాదు, కంకరకి మట్టి తగిలే వైపంతా వెయ్యాలి, పైపుకే చుడితే ఉన్న కాస్త విస్తీర్ణం సన్నమట్టితో త్వరగా మూసుకుపోతుంది. గోడ కాంక్రీటు కాబట్టి ఆ వైపు క్లాత్ అక్కర్లేదు. అడుగున 1.5, మట్టి వైపు 2.6 దాకా, మెట్టు దగ్గర అర అడుగు, పైకి 3, తెర పైన 1, రెండు అంచుల్లో గోడ మీదికి మడత అర అడుగేసి, అంతా కలిపితే తొమ్మిదిన్నర పైన వస్తుంది, పది అడుగులు పెట్టుకోండి.

రోల్ వెడల్పు ముందే కనుక్కోండి. 5 మీటర్ల రోల్ అయితే పదేసి అడుగుల ముక్కలు కోసి అడ్డంగా పరిస్తే ఒక్కో ముక్క 16.4 అడుగుల గోడని కప్పుతుంది, అతుకు దగ్గర ఒక అడుగు ఒకదాని మీద ఒకటి రావాలి. నాలుగు ముక్కలకి మూడు అతుకులు పోను 62.6 అడుగులు వస్తుంది, మిగిలిన రెండున్నర అడుగులు చివర్ల మడతకి. చివర్లలో అతుకులకీ పైపు బయటికొచ్చే చోటుకీ కలిపి రోల్‌లో 13 మీటర్లు కొనండి, అంటే 65 చదరపు మీటర్లు. మూలల్లో వదులుగా వెయ్యాలి, బిగుతుగా లాగి ఉంచితే కంకర బరువుకి చిరుగుతుంది. ఎండలో వారాల తరబడి పరిచి ఉంచొద్దు, తెచ్చిన రోల్ కప్పి పెట్టండి.

మిద్దె మీది వాన నీళ్ల పైపుని ఇందులో కలపకండి. దగ్గర్లో ఉంది కదా అని ప్లంబర్లు కలిపేస్తారు, అప్పుడు డ్రెయిన్ నీళ్లు బయటికి పంపాల్సింది పోయి చిల్లుల్లోంచి గోడ వెనకే నింపుతుంది. బయటి చివర వీధి కాలవలో నీటి మట్టానికి పైన ఉండాలి, ఎలకలు దూరకుండా జాలీ పెట్టాలి. గోడకి నీళ్లు కారడానికి వదిలిన పాత చిల్లులు, అదే వీప్ హోల్స్, ఉంటే మూసెయ్యకండి, వాటి వెనకా కంకరే ఉంటుంది కాబట్టి అవి పనికొస్తాయి.

పైన మట్టి కప్పే ముందు నిలువు పైపులో గొట్టం పెట్టి ఒక పావుగంట నీళ్లు వదలండి, దిగువ చివర ధారగా రావాలి. మొదటి రెండు మూడు వానలకి కాస్త బురద నీళ్లు రావడం మామూలే. తర్వాత కూడా ఎర్రగానే వస్తుంటే క్లాత్ ఎక్కడో చిరిగినట్టు, లేదా అతుకు విడిపోయినట్టు. వీప్ హోల్స్ నుంచి కారుతూ పైపు చివర మాత్రం పొడిగా ఉంటే పైపు మూసుకుపోయింది, నిలువు ముక్క మూత తీసి కడగాలి. గోడ వెనక పైన నేల ఒక చోట గుంటలా కుంగుతుంటే మట్టి కంకరలోకి దిగుతోందని అర్థం, అప్పుడు ఆ ఒక్క చోట తవ్వి క్లాత్ ముక్క మార్చాలి, అదీ వానలు ఆగాకే.