ఫీల్డ్ రిపోర్టు తెలుగులోకి వచ్చేసరికి పొర ఎటు వాలిందో తెలియడం లేదా? సమస్య - పరిష్కారం

సమస్య: జియాలజీ ఫీల్డ్ రిపోర్టును తెలుగు చేసి ఇచ్చారు. అంకెలన్నీ ఉన్నాయి, రాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. అయినా దాన్ని చూసి మ్యాప్ గీయబోయిన మనిషి "ఈ పొర అసలు ఎటు వాలింది?" అని అడుగుతున్నాడు. లేదా అడక్కుండానే తప్పు వైపు గీసేస్తున్నాడు.

ముందు ఇది చూడండి

రిపోర్టు మొదట్లో సంకేతాల వివరణ ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి నేరుగా వర్ణనలోకి దూకుతారు. కానీ 040/35 అన్న ఒకే రాతకు రెండు అర్థాలున్నాయి. కుడిచేతి నియమం పాటించే రిపోర్టులో 040 అనేది స్ట్రైక్, అంటే పొర సాగే దిశ. అటు ముఖం పెట్టి నిలబడితే మీ కుడివైపుకు, అంటే ఆగ్నేయానికి, 35 డిగ్రీల వాలు ఉందని అర్థం. డిప్ దిశను, అంటే పొర వాలిన దిశను, ముందు రాసే రిపోర్టులో అదే 040/35 అంటే పొర ఈశాన్యానికే వాలింది. ఏది పాటించారో ఆ పేజీలో రాసి ఉంటుంది. ఆ పేజీని అన్నిటికంటే ముందు అనువదించండి. కొలతను మాత్రం ఉన్నదున్నట్టు దించండి. 040లోని సున్నా అనవసరం అనిపించి తీసేయకండి, మూడంకెలు కనబడితేనే అది దిశ అని, రెండంకెలుంటే వాలు కోణం అని పాఠకుడు పోల్చుకుంటాడు.

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. మిగతా సగానికి కారణం వేరే ఉంది.

అసలు దొంగ: "వైపు"

స్ట్రైక్ అంటే వాలిన పొర మీద గీయగల అడ్డగీత, సరిగ్గా క్షితిజ సమాంతరంగా ఉండేది. వాలు కప్పు మీద వెన్నుగీత ఎలా ఉంటుందో అలా. డిప్ అంటే ఆ కప్పు మీద వాన నీళ్లు జారే దిశ, ఆ వాలు కోణం. గీతకు రెండు కొసలుంటాయి, నీళ్లు మాత్రం ఒక్క వైపే జారతాయి. ఇంగ్లీషు రిపోర్టులో క్రియను బట్టి ఈ రెండూ విడిగా తెలుస్తాయి. తెలుగులో రెంటికీ "ఈశాన్యం వైపు", "ఆగ్నేయంగా" అని తగిలించేస్తే తేడా చెరిగిపోతుంది.

ఒక కేసు చూద్దాం. రిపోర్టులో నైస్ రాయిలో ఫోలియేషన్, అంటే రాయిలో పొరల్లా కనబడే అమరిక, స్ట్రైక్ N40°E, డిప్ 35°SE అని ఉంది. తెలుగులో ఎక్కువగా కనబడే వాక్యం ఇది: "నైస్ పొరలు 40 డిగ్రీల ఈశాన్యంగానూ 35 డిగ్రీల ఆగ్నేయంగానూ ఉన్నాయి." చదవడానికి హాయిగా ఉంది. కానీ పొర ఈశాన్యానికి 40 డిగ్రీలు వాలిందా, ఆగ్నేయానికి 35 డిగ్రీలు వాలిందా? రెండూ అనుకోవచ్చు.

పైగా N40°E అంటే "40 డిగ్రీల ఈశాన్యం" కాదు. ఉత్తరానికి ముఖం పెట్టి తూర్పు వైపు 40 డిగ్రీలు తిరగడం. ఇక్కడ ఈశాన్యానికి దగ్గరగా ఉంది కాబట్టి సరిపోయినట్టు కనిపిస్తుంది. రేపు N85°E వస్తే? అది దాదాపు తూర్పు. దాన్ని కూడా "85 డిగ్రీల ఈశాన్యం" అని రాసిన కాపీలు నేను చాలా సరిదిద్దాను.

ఈ తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో లెక్క వేసి చూడండి. నేల చదునుగా ఉంది, ఒక పొర పైన బయటపడింది, దాని కొలతలు పై కేసులోవే అనుకోండి. పొర కనబడిన చోటి నుంచి ఆగ్నేయానికి, అంటే స్ట్రైక్‌కు లంబంగా, 100 మీటర్లు వెళ్లి నిట్టనిలువుగా బోరు వేస్తే దాదాపు 70 మీటర్ల లోతులో పొర తగులుతుంది. అదే దూరం వాయవ్యానికి వెళ్లి వేస్తే ఎంత తవ్వినా ఆ పొర తగలదు. స్ట్రైక్ వెంబడి ఈశాన్యానికి వెళ్తే, పొర అటు కొనసాగినంత మేరా, పైననే కనబడుతుంది, బోరు వేసే పనే లేదు.

పరిష్కారం

స్ట్రైక్‌ను మాటల్లో చెప్పాల్సి వస్తే రెండు కొసలూ రాయండి: "ఈశాన్య-నైరుతి దిశలో సాగే". డిప్‌కు ఒక్క కొసే రాసి, "వైపు" అనే మాటను దానికే వాడండి. కొలతను ఇంగ్లీషు అక్షరాలతోనే వదిలేయండి. అప్పుడు వాక్యం ఇలా వస్తుంది: "నైస్‌లో ఫోలియేషన్ స్ట్రైక్ N40°E, అంటే సుమారుగా ఈశాన్య-నైరుతి దిశలో సాగుతుంది; డిప్ 35°, ఆగ్నేయం వైపు." కాస్త బండగా ఉంది, ఉండనివ్వండి. బోరు వేసేవాడికి శైలితో పనిలేదు.

డైక్‌లకూ ఫాల్ట్‌లకూ ఇదే పద్ధతి. ఈశాన్య-నైరుతిగా సాగే డైక్ వేరు, ఈశాన్యం వైపు వాలిన డైక్ వేరు. ఇంగ్లీషులో ఏ క్రియ వాడారో వెనక్కి వెళ్లి చూడాల్సిందే.

అనువాదం పూర్తయ్యాక ఒక్క పరీక్ష చేయండి: పొర, ఫోలియేషన్, ఫాల్ట్ ఏదైనా సరే, డిప్ దిశ స్ట్రైక్‌కు లంబంగా ఉండాలి. N40°E స్ట్రైక్ ఉంటే డిప్ 130 లేదా 310 దిశలోనే ఉండగలదు, అంటే ఆగ్నేయం లేదా వాయవ్యం. మీ వాక్యంలో ఇంకో దిక్కు వచ్చిందంటే ఎక్కడో తారుమారైంది. మడత అక్షం ఎటు దిగుతోందో చెప్పే ప్లంజ్‌కు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, అది గీత దిగే దిశే కాబట్టి అక్కడ లంబం ప్రసక్తి లేదు.

రాళ్ల పేర్లు

సున్నపురాయి, ఇసుకరాయి, పాలరాయి లాంటి స్థిరపడిన పేర్లుంటే వాడండి. లేకపోతే ఇంగ్లీషు పేరునే తెలుగు లిపిలో రాయండి: బసాల్ట్, డోలరైట్, షిస్ట్. బసాల్ట్‌నీ డోలరైట్‌నీ గాబ్రోనీ కలిపి "నల్లరాయి" అనేస్తే మూడు రాళ్లు ఒకటైపోతాయి. తేడా గింజల పరిమాణంలో ఉంది, రిపోర్టు రాసినాయన దాన్ని లెన్సు పెట్టి చూసి మరీ రాశాడు. క్వార్ట్జ్ ఖనిజం, క్వార్ట్జైట్ రాయి. చివరి అక్షరాలు టైపింగులో ఎగిరిపోతే రాయి కాస్తా ఖనిజమవుతుంది.

అరుదుగా వచ్చేవి

స్కాన్ కాపీ నుంచి తీసుకుంటే డిగ్రీ గుర్తు సున్నాగా మారి 35° కాస్తా 350 అవుతుంది. డిప్ 90 దాటదు కాబట్టి దాటిన ప్రతి అంకెనూ అసలుతో పోల్చండి. "సుమారు 3 అడుగులు" అని ఉంటే 0.91 మీటర్లు చేయకండి, అడుగుల్లోనే ఉంచండి. ఫొటోలోని బ్రంటన్ కంపాస్‌లో తూర్పు, పడమర అక్షరాలు తారుమారుగా కనబడతాయి. అది తయారీ లోపం కాదు, అలా ఉంటేనే సూది చూపిన దిశను నేరుగా చదువుకోవచ్చు. దాన్ని చూసి రిపోర్టులోని E ని W గా దిద్దకండి.