జున్ను గట్టిపడలేదా? ముందు ఎన్నో పూట పాలో అడగండి

జున్ను చెడిందంటే మన ఇళ్లలో ముందు వంట చేసినవాళ్లనే అంటారు. మంట సరిగ్గా పెట్టలేదని, బెల్లం ఎక్కువైందని, మూత తీసి చూశారని. నేను చూసినంతలో తప్పు పొయ్యి దగ్గర జరిగేది తక్కువ. గాటిపాట దగ్గర, పాలు పితికిన పూటలోనే ఉంటుంది అసలు సంగతి. అందుకే ఈ సమస్యలన్నీ ఆ లెక్క నుంచే మొదలుపెడుతున్నాను.

సమస్య: ముప్పావుగంట ఆవిరి పట్టినా పాలు పాలలాగే ఉన్నాయి

కారణం తెలియాలంటే జున్ను ఎలా గడ్డకడుతుందో తెలియాలి. మామూలు పాలను ఎంత మరిగించినా గడ్డకట్టవు. వాటిలోని ప్రోటీన్‌లో ఎక్కువ భాగం కేసీన్. అది వేడికి చెక్కుచెదరదు, పులుపు తగిలితే విరుగుతుంది. వేడికి గట్టిపడే రకం ప్రోటీన్లు మామూలు పాలలో ఒక శాతం కూడా ఉండవు. ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలలో మాత్రం ఇవే ఎక్కువ. దూడకు రోగాలు రాకుండా తల్లి పాలలోకి పంపే ఇమ్యునోగ్లోబ్యులిన్లు వీటిలో ముఖ్యమైనవి. పాలలో ఇవి చుట్టచుట్టుకున్న దారపు ఉండల్లా ఉంటాయి. వేడి 70 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి విడిపోయి, ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. పాలలోని నీరు, వెన్న, బెల్లం అన్నీ ఆ వలలో చిక్కుకుంటాయి. అదే జున్ను. కోడిగుడ్డు ఉడికితే గట్టిపడేదీ ఈ పద్ధతిలోనే, కాకపోతే ప్రోటీన్లు వేరు. అందుకే జున్నుకు గుడ్డుతో పని లేదు, గుడ్డు చేసే పని పాలే చేస్తాయి.

అయితే ఈ బలం పూటపూటకూ పడిపోతుంది. ఆవుపాలలో మొదటి పూట మొత్తం ప్రోటీన్ సుమారు 14 శాతం ఉంటుంది. రెండో పూటకు 8, మూడో పూటకు 5, ఆ తర్వాత 4 దగ్గరికి దిగుతుంది. మామూలు పాలలో 3 శాతం పైచిలుకు. ఎనుముకు, ఆవుకు, ఒక్కో పశువుకు అంకెలు కొంచెం మారినా దిగే తీరు మాత్రం ఇదే. చూడటానికి మూడో పూట పాలు కూడా చిక్కగానే ఉంటాయి, కానీ వల అల్లే సరుకు తగ్గిపోయి ఉంటుంది.

అనంతపురంలో మా పక్కింటి అక్కకు జరిగింది ఇదే. పాలాయన ఒక లీటరు జున్నుపాలు ఇచ్చి, "ఎనుము నిన్న ఈనిందమ్మా" అన్నాడు. వాళ్లమ్మ ఎప్పుడూ సగానికి సగం మామూలు పాలు కలిపేదని ఈమె కూడా లీటరు ప్యాకెట్ పాలు కలిపింది. బెల్లాన్ని ఒక గ్లాసు నీళ్లలో కరిగించి పోసింది. ఎంతసేపు ఉడికినా కదలిక లేదు. ఆమె టెన్షన్ పడిపోయి నన్ను పిలిచింది.

మళ్లీ పాలాయనను అడిగితే తేలింది. ఎనుము సోమవారం తెల్లవారుజామున ఈనింది. ఈమెకు అందినవి మంగళవారం సాయంత్రం పాలు. సోమవారం పొద్దున ఒకటి, సాయంత్రం రెండు, మంగళవారం పొద్దున మూడు, సాయంత్రం నాలుగు. అంటే ఇవి నాలుగో పూట పాలు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, రోజు చెప్పాడు, పూట చెప్పలేదు. నాలుగు శాతం పాలలో మూడు శాతం పాలు, పైన నీళ్లు కలిస్తే మిగిలేది మామూలు పాలే. వాళ్లమ్మ సగానికి సగం కలిపినవి మొదటి పూట పాలు. అక్కడ 14, 3 కలిసి సగటు 8 దాటుతుంది, గట్టిగా నిలుస్తుంది.

పరిష్కారం: పలచనైన పాలను ఇంకో గంట ఉడికించినా లాభం లేదు, లేని సరుకును మంట పుట్టించలేదు. రాప్తాడు వైపు ఇంకో ఇంట్లో ఎనుము ఈనిందని తెలిసి, మరుసటి రోజు అరలీటరు మొదటి పూట పాలు తెప్పించాం. చల్లారిన పలచటి పాలలో అరలీటరు మాత్రమే తీసి, వాటితో ఇవి కలిపి, కొత్త పాలకు సరిపడా బెల్లం వేసి మళ్లీ ఆవిరి పట్టింది. చక్కగా నిలిచింది. మిగిలిన తీపిపాలలో సేమ్యా వేసి పాయసం కాచింది. అరలీటరు మొదటి పూట పాలతో మొత్తం రెండు లీటర్లనూ కాపాడాలని చూసి ఉంటే రెండూ పోయేవి.

ఈ తిప్పలు రాకుండా ఉండాలంటే బెల్లం కలపకముందే ఒక గరిటెడు పాలు చిన్న స్టీలు గిన్నెలో పోసి, ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఉంచి చూడండి. రాయిలా గట్టిపడితే సమానంగా మామూలు పాలు కలపొచ్చు. మెత్తగా, వణుకుతూ నిలిస్తే కలిపేది నాలుగో వంతు మించకూడదు. అక్కడక్కడా తునకలు మాత్రమే కడితే ఏమీ కలపకండి. అసలు కదలకపోతే అవి కాచుకుని తాగాల్సిన పాలు. అమ్మినవాళ్ల మాట కన్నా నాకు ఈ గరిటె పరీక్ష మీదే నమ్మకం.

సమస్య: గట్టిపడింది, కానీ రబ్బరులా సాగుతోంది, చిల్లులు పడింది, నీళ్లు వదిలింది

మొదటి పూట పాలను ఏమీ కలపకుండా ఉడికించినా, మంట ఎక్కువ పెట్టినా ఇలా అవుతుంది. వల మరీ దట్టమై బిగుసుకుపోయి, తనలో పట్టుకున్న నీటిని బయటికి వదిలేస్తుంది. చిల్లులు లోపల ఆవిరి బుడగలు పోయిన దారులు. అడుగున నీళ్లు చూసి "ఇంకా ఉడకలేదు" అనుకుని మళ్లీ పొయ్యి మీద పెట్టేవాళ్లు చాలామంది. అలా చేస్తే ఇంకా బిగుస్తుంది.

ఒకసారి బిగుసుకున్న జున్ను మళ్లీ మెత్తబడదు. దాన్ని పొడిపొడిగా చిదిమి, కొంచెం తురిమిన కొబ్బరి కలిపి తినేయడం మంచిది. వచ్చేసారికి పాలు కలిపి, నీళ్లు మరిగాక మంట సన్నంగా చేయండి. కుక్కర్ అయితే విజిల్ పెట్టొద్దు. గిన్నెలో పాలు రెండు అంగుళాల లోతు మించకుండా ఉంటే ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. లోతు గిన్నెలో పోస్తే అంచులు బిగుసుకునే వేళకు కూడా నడుమ పచ్చిగానే ఉంటుంది. గిన్నె కదిపితే నడుమ కొంచెం వణకాలి, పుల్ల గుచ్చితే పాలు అంటకూడదు. అప్పుడు దించేస్తే చల్లారేలోగా మిగతాది సర్దుకుంటుంది. గిన్నె మీద ఒక పళ్లెం బోర్లిస్తే ఆవిరి నీళ్లు జున్ను మీద కారవు.

సమస్య: పొయ్యి మీద పెట్టకముందే, లేదా పెట్టగానే, పాలు విరిగిపోయాయి

ముర్రుపాలు మామూలు పాల కన్నా కొంచెం పులుపు వైపు ఉంటాయి. ఎండాకాలం కర్నూలు, కడప వేడిలో రెండు మూడు గంటలు బయట ఉంటే ఇంకా పులుస్తాయి. దానికి తోడు వేడి బెల్లం పాకం పోస్తే, తగిలిన చోటల్లా తునకలు కడతాయి. బెల్లాన్ని పొడి చేసి, అవే పాలలో కొద్దిగా తీసి చల్లగా కరిగించి వడకట్టండి. నీళ్లు పోసి కరిగిస్తే ఆ నీళ్లూ పలుచన కిందే లెక్క. లీటరుకు 150 నుంచి 200 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, రెండు యాలకులు చాలు. గిన్నెను నేరుగా మంట మీద పెడితే అడుగు గడ్డకట్టి మాడుతుంది, పైన పాలే ఉంటాయి. ఆవిరి తప్ప దారి లేదు.

ఫ్రీజర్‌లో పెట్టిన సీసాను వేణ్ణీళ్లలో ముంచినా ఇదే తంతు. సీసా గోడలకు ఆనుకున్న పాలు కరగకముందే ఉడికి తునకలవుతాయి. ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చితే సరిపోతుంది.

సమస్య: జున్ను తెల్లగా ఉంది, ఇది అసలుదేనా?

ఎనుము జున్ను తెల్లగానే ఉంటుంది. మేతలోని పసుపు రంగు ఆవుపాలలోకి వస్తుంది, ఎనుము పాలలోకి దాదాపు రాదు. రంగును బట్టి అనుమానించకండి. బజారులో కొన్న ముక్క మీద అనుమానం ఉంటే చిన్న గిన్నెలో వేసి బాగా వేడి చేయండి. చైనా గ్రాస్ వేసి చేసినది కరిగి పాకమవుతుంది, ఎందుకంటే అది చల్లదనానికి గట్టిపడింది. జున్ను వేడికి గట్టిపడింది, అందుకే ఎంత వేడి చేసినా కరగదు.

ఎరుపు జీర ఉన్న పాలు, పొదుగు వాచిన పశువు పాలు జున్నుకు వాడొద్దు. ఈనేముందు పాలు ఎండగట్టేటప్పుడు చన్నుల్లోకి మందు ఎక్కించినా, ఈనాక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేసినా, ఎన్ని రోజులు ఆగాలో పశువుల డాక్టరును అడగండి. ఉడికిస్తే మందు పోతుందని అనుకోవద్దు.

పాలు ఇచ్చే ఇంటివాళ్లకు ఒక మాట

మాయ పడేదాకా దూడను తాగనివ్వకుండా కట్టేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. దూడ పేగులు ఇమ్యునోగ్లోబ్యులిన్లను ఉన్నవి ఉన్నట్టు పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, ఒక రోజుకు దాదాపు ఆగిపోతుంది. ముప్పై కిలోల దూడకు మొదటి కొన్ని గంటల్లోనే మూడు లీటర్ల దాకా ముర్రుపాలు అందాలి. మాయ కోసం ఆగితే ఆ గంటలు తిరిగి రావు. మొదటి పూటవి దూడ కడుపు నిండా తాగాక మిగిలితేనే గిన్నెలోకి తీయండి. జున్నుకు నా ఓటు రెండో పూట పాలకే. ఆ పాలకు ఏమీ కలపక్కర్లేదు, కలిపినా పావు వంతు చాలు. రబ్బరులా బిగుసుకోదు, కోస్తే అంచు నిలుస్తుంది. బంధువులకు పంపేటప్పుడు సీసా మీద తేదీతో పాటు ఎన్నో పూటో కూడా రాయండి. అది చూసి ఎన్ని పాలు కలపాలో వాళ్లే తేల్చుకుంటారు.