ఏడాది వాయిదాలు కట్టినా అసలు తగ్గలేదా? ముందు వాయిదాల షెడ్యూల్‌లో మొదటి వరుస చూడండి

కాశీబుగ్గలో మా బావ జీడిపప్పు వ్యాపారానికి 3 లక్షల అప్పు తీసుకున్నాడు. 12 శాతం వడ్డీ, 60 నెలలు, నెలకు 6,673 రూపాయలు. ఏడాది తిరిగేసరికి 80,076 కట్టాడు. స్టేట్‌మెంట్‌లో బాకీ మాత్రం 2,53,417. "ముప్పై మూడు వేలు ఎవరు తినేశారురా?" అని ఆ కాగితం నా ముందు పడేశాడు.

ఇది తప్పేనా?

కాదు. ఏడాదికి 12 శాతం అంటే మన ఊళ్లో అనే నూటికి రూపాయి వడ్డీయే. మొదటి నెలంతా 3 లక్షలూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఆ నెల వడ్డీ 3,000. కట్టిన 6,673లో అది పోగా మిగిలిన 3,673 మాత్రమే అసలుకు జమ. బాకీ 2,96,327కి దిగింది. రెండో నెల వడ్డీ ఆ బాకీ మీదే, అంటే 2,963. అసలుకు 3,710 వెళ్తుంది. వాయిదా మారదు, లోపలి పంపకమే నెలనెలా మారుతుంది. మొదట్లో బాకీ పెద్దది, అందుకే వడ్డీ వాటా ఎక్కువ.

డబ్బుకు కాలాన్ని బట్టి విలువ మారడం అంటే ఇదే. అయిదేళ్ల తర్వాత కట్టే చివరి 6,673ని నెలకు 1 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే, ఈరోజు దాని విలువ 3,673 మాత్రమే. అరవై వాయిదాలనూ ఇలాగే ఈరోజు విలువకు తెచ్చి కలిపితే దాదాపు 3 లక్షలు వస్తాయి.

వాయిదా 8,000 అని రాసి ఉంటే?

అది ఫ్లాట్ వడ్డీ. 3 లక్షల మీద ఏడాదికి 36,000 చొప్పున అయిదేళ్ల వడ్డీ 1,80,000 కలిపి 60తో భాగించారు. బాకీ తగ్గుతున్నా వడ్డీ తగ్గదు. తగ్గే బాకీ లెక్కలో చూస్తే అది 20 శాతం పైమాటే. సంతకం పెట్టకముందే అడగాల్సిన సంగతి ఇది. పెట్టాక చేయగలిగింది తక్కువ.

ఎక్సెల్‌లో వాయిదా 36,040 వస్తోందా?

ఏడాది రేటును నెల రేటుగా ఇచ్చేశారు. 12తో భాగించండి:

```
=PMT(12%/12,60,-300000)
```

మరి బావ ఏం చేశాడు?

పప్పు అమ్మిన డబ్బులో 50,000 ఒకేసారి అసలుకు కట్టాడు. వాయిదా తగ్గించమనలేదు, గడువు తగ్గించమన్నాడు. బాకీ 2,03,417 అయింది. మిగిలిన 48 వాయిదాలు 37కి వచ్చాయి, ఆఖరిది సగం పైచిలుకే. ముందస్తు చెల్లింపు చార్జీ ఉందేమో కట్టకముందే అడిగాడు. తర్వాత కొత్త షెడ్యూల్ ప్రింట్ తీయించి, మొదటి వరుసలో వడ్డీ 2,034 ఉందో లేదో వేలు పెట్టి మరీ చూసుకున్నాడు.